మూత లోపలి తారీఖులు

అద్దాల దుకాణానికీ చెప్పుల దుకాణానికీ మధ్య ఒక ఇరుకు గది ఉంది. కాస్త లావుపాటి మనిషి లోపలికి రావాలంటే పక్కకు తిరగాలి. అక్కడ కూర్చుని ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఆయన్ని ఆ చుట్టుపక్కల అందరూ తారీఖు మాస్టారు అంటారు. ఆయన ఏనాడూ పంతులు పని చెయ్యలేదు. చేతిపనిలో నేర్పరి కాబట్టి మాస్టారు అయ్యాడు. తారీఖు అన్నది ఆయన అలవాటు వల్ల వచ్చింది.

ఏ ల్యాప్‌టాప్‌ను విప్పినా, మళ్ళీ బిగించే ముందు అడుగు మూత లోపలివైపు సన్నటి మార్కరుతో ఆనాటి తారీఖు వేస్తాడు. పక్కనే ఏం చేశాడో రెండు మాటలు రాస్తాడు. ఈ అలవాటు తండ్రి దగ్గర్నించి వచ్చింది. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. డబ్బా లోపల, కంటికి ఆనీ ఆననంత చిన్నగా, సూదిమొనతో తారీఖు గీసేవాడు. "మన చెయ్యి పడ్డ చోట మన మాట ఉండాలిరా," అనేవాడట. గడియారాలు పోయాయి, రేడియోలు పోయాయి, కొడుకు చేతిలోకి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. తారీఖు మాత్రం అలాగే ఉండిపోయింది.

విప్పే ముందు ఆయన కళ్ళు మూసుకుని ఒక్క క్షణం చేతులు జోడిస్తాడు. మొదటిసారి చూసినవాళ్ళు, యంత్రం పరిస్థితి అంత విషమించిందా అని హడలిపోతారు. గల్లా దగ్గర కూర్చునే ఆయన భార్య వాళ్ళకు ధైర్యం చెబుతుంది. "కంగారు పడకండి, కాఫీ తాగే ముందు కూడా అంతే చేస్తాడు."

ఆ శనివారం పొద్దున మొదట వచ్చింది మందుల షాపు కుర్రాయన. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగేళ్ళయిందట, ఆన్ చేస్తే తెరుచుకునేసరికి నలుగురికి మందులు కట్టి ఇవ్వొచ్చట. దీన్ని పాతసామానుకు వేసి కొత్తది కొనాలని నిర్ణయించుకున్నాడు. ఏది కొనమంటారో చెప్పమని వచ్చాడు.

మాస్టారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. లోపల పాతకాలపు తిరిగే డిస్కు గరగరలాడుతోంది. విప్పితే ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము దూదిలా పేరుకుంది. మెమరీకి ఉన్న రెండు గాడుల్లో ఒకటి ఖాళీ. మెయిన్ బోర్డు శుభ్రంగా ఉంది. స్క్రీను బాగుంది, మడతబందులు గట్టిగా ఉన్నాయి.

"దీనికి రోగం లేదు బాబూ, నీరసం అంతే," అన్నాడు. డిస్కు తీసేసి దానికన్నా వేగంగా నడిచే ఎస్ఎస్‌డి వేస్తే, ఖాళీ గాడిలో మెమరీ పెడితే, ఫ్యాన్ శుభ్రం చేస్తే ఇంకో రెండు మూడేళ్ళు నిశ్చింతగా వాడుకోవచ్చని చెప్పాడు. కొత్తదాని ధరలో పావువంతు కూడా కాదు. కుర్రాయన కొత్తది కొనే సరదా చెదిరి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కానీ, గంట తరవాత అది చిటికెలో తెరుచుకునేసరికి మొహం విప్పారింది. మాస్టారు మూత లోపల మొదటి తారీఖు వేసి బిగించి ఇచ్చాడు.

ఆయన లెక్క ఇలా ఉండేది. మామూలు రకాలు నాలుగైదేళ్ళు బాగా నడుస్తాయి. గట్టిగా కట్టిన ఆఫీసు రకాలను పదిలంగా చూసుకుంటే ఆరేడేళ్ళు. మరీ చవకవి మూడేళ్ళకే మూలుగుతాయి. బ్యాటరీ, కీబోర్డు, ఫ్యాన్, డిస్కు ఇవన్నీ మార్చదగ్గవే, వాటి కోసం మనిషి కొత్తది కొనక్కర్లేదు. బోర్డే పోతే ఆలోచించాలి. అలాంటి కొత్తదాని ధరలో సగం దాటి బాగుచేతకే అవుతుందంటే చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టెయ్యాలి. ఈ లెక్క వచ్చిన ప్రతివాళ్ళకీ ఓపిగ్గా చెప్పేవాడు. ఒక్క మనిషి విషయంలో మాత్రం ఆ లెక్క ఎప్పుడూ తీయలేదు. ఆమే ఆ రోజు రెండో మనిషిగా వచ్చి తలుపు దగ్గర పక్కకు తిరిగింది.

ఆమెను టైపమ్మ అంటారు. కాలేజీలో చెవులు వినపడని విద్యార్థి పక్కన కూర్చుని, పాఠం చెప్పేవాళ్ళు ఏమంటే అది అక్షరం పొల్లుపోకుండా టైపు చేస్తుంది. విద్యార్థి ఆ స్క్రీను చదువుకుంటూ పాఠం వింటుంది. ఆమె వేళ్ళ వేగం చూస్తే వాన పడుతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు మూడేళ్ళుగా ఒకే అమ్మాయి పక్కన కూర్చుంటోంది. ఆ అమ్మాయి కూడా వెంట వచ్చింది. సన్నగా, రెండు జడలతో, చేతిలో పుస్తకం, పెన్నూ. ఎవరు మాట్లాడినా ముందు పెదాలు చూస్తుంది, అర్థం కాకపోతే పుస్తకం ముందుకు జరుపుతుంది.

"నిన్న పాఠం మధ్యలో ఆగిపోయింది మాస్టారూ," అంది టైపమ్మ, ల్యాప్‌టాప్‌ను పసిపిల్లను దించినట్టు బల్ల మీద దించుతూ. "మళ్ళీ ఆన్ అవ్వలేదు. సోమవారానికి కావాలి. ఈ పిల్లకింకా పదకొండు రోజుల పాఠాలున్నాయి, ఆ తరవాత పరీక్షలు. చదువుకు ఇదే ఆఖరి ఏడాది."

అదీ సంగతి. ఆ పదకొండు రోజుల్లో చెప్పేవి పరీక్షలో ఎక్కువగా వచ్చే పాఠాలు. స్క్రీను ఆగిపోతే ఆ పిల్లకు క్లాసంతా మూగసినిమా.

మాస్టారు ల్యాప్‌టాప్‌ను చూడగానే గుర్తుపట్టాడు. తొమ్మిదేళ్ళ నాటిది. టైపమ్మ తొలి జీతంతో కొనుక్కున్నది. దాని మీటలు లోతుగా, మెత్తగా దిగుతాయి, వేళ్ళకు ఎక్కడ ఏముందో చూడకుండానే తెలుస్తుంది. ఎప్పుడు తెచ్చినా ఆమె అనే మాట ఒక్కటే. 'ఇది నా చేతుల్లో భాగం అయిపోయింది మాస్టారూ.' ఆ మాట విన్నాక కాదనడానికి ఆయనకు నోరొచ్చేది కాదు.

అడుగు మూతలో ఏదో తేడాగా ఉంది. ముట్టుకుంటే అడుగుభాగం బల్ల మీద సమంగా కూర్చోలేదు, కుర్చీకాలు పొట్టైనట్టు ఊగింది. టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచి ఉంది.

"ఇది ఎప్పటినుంచి అమ్మా?"

"రెండు వారాలైంది. జిగురు వదిలిందేమో అనుకున్నా. రోజూ పడుకునే ముందు దాని మీద నిఘంటువు పెడుతున్నా. అణిగి అతుక్కుంటుంది కదా అని."

"ఏ నిఘంటువు?"

"పెద్దదే. రెండు చేతులా ఎత్తాలి."

మాస్టారు ల్యాప్‌టాప్ వదిలేసి రెండు చేతులూ జోడించాడు. కళ్ళు మూసుకున్నాడు. గల్లా దగ్గర భార్య లేచి నిలబడింది, ఈసారి దణ్ణం మామూలు దణ్ణం కాదని ఆమెకు తెలిసింది.

"అమ్మా, జిగురు కాదు. లోపల బ్యాటరీ ఉబ్బింది. ఉబ్బిన బ్యాటరీని అదమకూడదు, పొడవకూడదు, ఛార్జింగు పెట్టకూడదు. నిప్పంటుకుంటుంది. దేవుడు నీ ఇంట్లో రెండు వారాలు కాపలా కూర్చున్నాడు."

టైపమ్మ బల్ల దగ్గర్నించి ఒక అడుగు వెనక్కి వేసింది. పక్కనున్న పిల్ల ఆమె పెదాలు చూసి, మాస్టారి పెదాలు చూసి, ఏమైందని పుస్తకం జరిపింది. టైపమ్మ రాయలేదు. పిల్ల భుజం మీద చెయ్యి వేసి నిమిరింది.

మాస్టారు జాగ్రత్తగా విప్పి, లోహం తగలకుండా ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా లేపి, దిండులా ఉబ్బిన బ్యాటరీని బయటికి తీశాడు. వాకిట్లో పొడి ఇసుకతో ఒక రేకు డబ్బా ఉంటుంది. అందులో పెట్టాడు. పాత బ్యాటరీలు పట్టుకెళ్ళేవాళ్ళు మంగళవారం వస్తారు, అంతదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని భార్యకు చెప్పాడు. "నేను ముట్టుకునే వస్తువులు నీ డబ్బాల్లో ఎప్పుడున్నాయి?" అందామె.

అప్పుడు మూత తిరగేసి, తారీఖు వేద్దామని మార్కరు అందుకున్నాడు. వెయ్యడానికి చోటు లేదు.

తను ప్రతిసారీ ఖాళీ జాగా వెతుక్కుని రాసేవాడు. పాత రాతల్ని చదివేవాడు కాడు. ఇప్పుడు ఖాళీ లేకపోయేసరికి కళ్ళు ఎక్కడో ఒకచోట నిలవాలి కదా. మొదటి తారీఖు మీద నిలిచాయి. కొన్న నాలుగో ఏట చివర బ్యాటరీ. మరో రెండేళ్ళకు ఎస్ఎస్‌డి. ఏడాదిన్నరకు మడతబందు. ఎనిమిది నెలలకు ఛార్జింగు సాకెట్. ఆరు నెలలకు ఫ్యాన్. మూడు నెలలకు కీబోర్డు. అయిదు వారాలకు మళ్ళీ సాకెట్. ఆ తరవాత నెలైనా తిరక్కుండా నిన్న.

తారీఖుల మధ్య దూరం ఎలా దగ్గరపడుతూ వచ్చిందో తన రాతే తనకు చెప్పింది. ఒక్కొక్కటిగా చూస్తే ఒక్కొక్క బాగుచేత ధర్మంగానే ఉంది. వరసగా చూస్తే అది మెట్లు దిగుతున్న మనిషి. అన్నీ తను రాసినవే. ఒక్కసారీ వరసగా చదవలేదు. సాకెట్ బాగుచేసినప్పుడే బోర్డు మీద కాలిన మరక కనబడింది. దాన్ని తుడిచి, అవసరానికి నడిస్తే చాలులే అనుకున్నాడు. ఆవిడ నోట థాంక్స్ విని సంతోషించాడు.

ఇంకా ఆశ చావలేదు. బ్యాటరీ లేకుండా అడాప్టర్ మీద ఆన్ చేసి చూద్దామన్నాడు. కొంత తంటాలు పడ్డాక స్క్రీను వెలిగింది. మడతబందు వదులై స్క్రీను వెనక్కి వాలిపోతుంటే, ఆ పిల్ల అలవాటైన చేత్తో తన నీళ్ళ సీసా వెనక దన్నుగా పెట్టింది. రోజూ క్లాసులో అదే పని చేస్తున్నట్టుంది.

"ఏదైనా మాట్లాడతాను, టైపు చెయ్యి. ఎలా నడుస్తుందో చూద్దాం," అన్నాడు.

టైపమ్మ కళ్ళు ఆయన నోటి మీద నిలిపింది. ఆమె పద్ధతి అదే, టైపు చేసేటప్పుడు స్క్రీను వంక చూడదు. స్క్రీను ఆ పిల్లది.

ఏం మాట్లాడాలో తోచక మాస్టారు తన తొలిరోజుల సంగతి మొదలుపెట్టాడు. కొత్తగా పని నేర్చుకుంటున్నప్పుడు తను ఒకాయన యంత్రాన్ని విప్పి బిగించాడట. అంతా అయ్యాక చూస్తే రెండు స్క్రూలు మిగిలాయి. ఆయన బస్సెక్కుతుంటే పరుగెత్తి పట్టుకుని, 'అయ్యా, ఈ రెండూ మీవి,' అని చేతిలో పెట్టాడు. ఆ పెద్దమనిషి వాటిని చూసి, 'అవి లేకుండానే బాగా నడుస్తోంది నాయనా, నువ్వే ఉంచుకో,' అని బస్సెక్కి వెళ్ళిపోయాడట.

"ఆ రెండు స్క్రూలూ నాకు పెళ్ళి కానుకగా ఇచ్చాడు," అంది భార్య గల్లా దగ్గర్నించి. టైపమ్మ నవ్వు ఆపుకుంటూ ఆ మాట కూడా టైపు చేసి, పూర్తయ్యాక గట్టిగా నవ్వేసింది. మాస్టారు నవ్వాడు. భార్య నవ్వింది.

పిల్ల నవ్వలేదు. స్క్రీను వంకే చూస్తోంది. వీళ్ళ ముగ్గురి నవ్వులూ అయిపోయి, భార్య కొంగుతో కళ్ళు కూడా తుడుచుకున్నాక, అప్పుడు ఫక్కున నవ్వింది. చుట్టూ అందరూ నిశ్శబ్దంగా ఉన్నారని చూసి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు బల్ల చుట్టూ తిరిగి వచ్చి స్క్రీను చూశాడు. అక్షరాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. చెయ్యి ఆగిపోయాక కూడా, అలిసిపోయిన పోస్టుమాన్‌లా, ఒక్కో మాటా నడిచి నడిచి వస్తోంది. వేడెక్కిన కొద్దీ యంత్రం తనను తాను నెమ్మది చేసుకుంటోంది.

ఆయన పుస్తకం అందుకుని రాశాడు. 'క్లాసులో కూడా ఇంతేనా?'

పిల్ల టైపమ్మ వంక ఒకసారి చూసి తల దించుకుంది. అలాగే పెన్ను తీసుకుని రాసింది. 'నాలుగు నెలలుగా. అందరూ నవ్వాక నాకు నవ్వొస్తుంది. సార్ ప్రశ్న అడిగి జవాబు కూడా చెప్పేశాక నాకు ప్రశ్న వస్తుంది. అక్కకు చెప్పొద్దు. అక్కకు ఇది ఇష్టం.'

చెప్పొద్దన్న మాట అక్క పక్కనే కూర్చుని చదివింది. ఆమె చేతులు మీటల మీదే ఉన్నాయి కానీ వేళ్ళు కదల్లేదు.

"నాలుగు నెలలు," అంది. "నేను సార్ మొహం చూస్తూ కూర్చున్నా. దీని మొహం చూడలేదు."

"నేను తారీఖులు వేస్తూ కూర్చున్నా," అన్నాడు మాస్టారు. "తప్పు నాది ఎక్కువ. నీకు కాదనలేక బాగుచేశాను. నువ్వు దీన్ని వదల్లేక తెచ్చావు. నిన్ను నొప్పించలేక ఆ పిల్ల ఊరుకుంది. ముగ్గురం మంచివాళ్ళమే. మన ముగ్గురి మంచితనంతో పాఠం వెనకబడింది."

తరవాత ఉన్నదున్నట్టు చెప్పాడు. బోర్డు కాలింది. ఈ రకం బోర్డులు ఇప్పుడు తయారుచెయ్యడం లేదు. పాతది ఎక్కడైనా దొరికినా అదీ ఇంత వయసుదే. మెమరీ బోర్డుకే అతికించి ఉంది, పెంచడానికి లేదు. ఎస్ఎస్‌డి వేసేశాం, ఇంక వేగం తెచ్చే దారి మిగల్లేదు. కిందటేడే కంపెనీ దీనికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. అంటే కాలేజీ నెట్‌కు కలపడం కూడా క్షేమం కాదు. అన్నీ కలిపి బాగుచేస్తే కొత్తదాని సగం ధర దాటుతుంది, అయినా ఆరు వారాల్లో నువ్వు మళ్ళీ ఇక్కడే పక్కకు తిరుగుతావు.

"ఇంక దీన్ని బాగుచెయ్యనమ్మా," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెతో అనడం అదే మొదలు. అన్నాక గుండె తేలికపడింది. అది చూసి ఆయనకే వింతగా అనిపించింది.

టైపమ్మ మీటల మీద ఒకసారి వేళ్ళు ఆడించింది. "కొత్తవాటి మీటలు అప్పడంలా పల్చగా ఉంటాయి మాస్టారూ. అలవాటు పడేసరికి పదకొండు రోజులూ అయిపోతాయి. అదీ నా భయం."

ఆ భయం నిజమైనదే. మాస్టారు గడ్డం గోక్కుంటూ ఆలోచనలో పడ్డాడు. గల్లా దగ్గర భార్య గొంతు సవరించుకుంది.

"ఇదిగో, నీకోసం దాచుకున్నది ఉంది కదా, పై అరలో, తువ్వాలు చుట్టి."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఒక కంపెనీ తన మనుషులకు కొత్తవి ఇస్తూ పాతవి అమ్మేసినప్పుడు తెచ్చుకున్నది అది. మూడేళ్ళ నాటిది, టైపమ్మదాన్ని తయారుచేసినవాళ్ళదే ఆఫీసు రకం. అదే లోతు మీటలు. ఇంకా చాలా ఏళ్ళు అప్‌డేట్లు వస్తాయి. బ్యాటరీ విప్పి మార్చుకోవచ్చు, మెమరీకి ఒక గాడి ఖాళీగా ఉంది. అందరి యంత్రాలూ బాగుచేసే ఆయన సొంత ల్యాప్‌టాప్ ఎనిమిదేళ్ళది. రబ్బరు బ్యాండుతో మూత పట్టి ఉంటుంది. దీన్ని కొని నెలైనా, మార్చుకోవడానికి మనసొప్పక తువ్వాల్లో చుట్టి పెట్టుకున్నాడు.

"మరి మీకు?" అంది టైపమ్మ.

"ఆయనకు రబ్బరు బ్యాండ్లు ఇంకో డబ్బా ఉన్నాయి," అంది భార్య. ఆ తరవాత మెత్తగా, "వచ్చే నెల ఇది అమ్మినవాళ్ళు మళ్ళీ కొన్ని అమ్ముతారట. అప్పుడు నేనే వెంటబడి తీయిస్తాను. తీసుకెళ్ళమ్మా," అంది.

తువ్వాలు విప్పి ముందు పెడితే టైపమ్మ స్క్రీను చూడకుండా మాస్టారి మొహం వంకే చూస్తూ ఒక వాక్యం టైపు చేసింది. పిల్ల వంగి చదివింది. వెంటనే నవ్వింది. ఏం రాసిందని మాస్టారు అడిగితే ఇద్దరూ చెప్పలేదు. తరవాత భార్య తొంగిచూసి చెప్పింది. 'మాస్టారి చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి' అని ఉందట.

ఆ సాయంత్రానికి పాతదాని ఎస్ఎస్‌డిని చిన్న డబ్బాలో బిగించి, అందులో ఉన్న మూడేళ్ళ పాఠాలను పాడవకుండా కొత్తదాంట్లోకి దించాడు. మెమరీ వేశాడు. పాతదాని స్క్రీను ఇంకా కళకళలాడుతోంది, దాన్ని జాగ్రత్తగా విప్పి పక్కన పెట్టాడు, అదే రకానికి స్క్రీను పగిలి ఎవరైనా వస్తే పనికొస్తుంది. మిగిలింది మంగళవారం బండికి.

కొత్తదాని మూత బిగించే ముందు చేతులు జోడించి, లోపల ఆనాటి తారీఖు వేశాడు. ఆ కింద ఇంకో తారీఖు వేశాడు, నాలుగేళ్ళ తరవాతది. దాని పక్కన రాశాడు. 'ఈ రోజు దాటాక విప్పితే, ముందు ఈ మూతలో ఉన్న తారీఖులన్నీ వరసగా చదువు. ఆ తరవాతే చెయ్యి పెట్టు.' అది టైపమ్మకు రాసింది కాదు, తనకు రాసుకున్నది. అప్పటినుంచి ప్రతి మూతలోనూ రెండు తారీఖులు వేస్తున్నాడు. మందుల షాపు కుర్రాయన్ని కూడా పిలిపించి, మూత విప్పి రెండోది వేసి పంపాడు. ఆ అబ్బాయికి ఎందుకో అర్థం కాలేదు కానీ, ఊరికే వేస్తున్నారు కదా అని వేయించుకుని వెళ్ళాడు.

తారీఖులతో నిండిపోయిన ఆ పాత మూతను టైపమ్మ అడగలేదు. మాస్టారే ఉంచుకుని, బల్ల ఎదురుగా మేకుకు తగిలించాడు. లోపలివైపు బయటికి కనబడేట్టు.

ఆఖరి పాఠం అయిన రోజు సాయంత్రం పిల్ల ఒక్కతే వచ్చింది. తలుపు దగ్గర పక్కకు తిరగాల్సిన పని లేకుండా నేరుగా దూరి వచ్చి, పుస్తకం ముందుకు జరిపింది. ఇంటి దగ్గరే రాసుకుని తెచ్చినట్టుంది, అక్షరాలు పొందిగ్గా ఉన్నాయి.

'ఇవాళ సార్ జోకు వేశారు. పాతదే, ప్రతి ఏడూ ఆఖరి రోజు వేస్తారట. అందరితో పాటే నవ్వాను. సార్ ఆగి నా వంక చూసి, ఈసారి ముందే నవ్వావే అన్నారు. అది కూడా అప్పుడే చదివాను.'

మాస్టారు రెండుసార్లు చదివి, గల్లా వైపు జరిపాడు. భార్య చదివి పిల్లను దగ్గరికి పిలిచి, జడల్లో ఒకటి వదులైతే మళ్ళీ అల్లి పెట్టింది.